రూక్ ఎక్కువున్నా డ్రానేనా? Qe8+, Qh5+ ఆగట్లేదు

వేళచ్చేరి నాన్న: చెన్నైలో ఆదివారం చెస్ టోర్నీలో మా అమ్మాయి నలుపుతో ఆడింది. తెలుపు: Kh2, Qh5, బంట్లు f2, g2. నలుపు: Kg8, Qb2, Ra1, బంటు g7. ఎత్తు తెలుపుది. Qe8+ Kh7, Qh5+ Kg8 అంటూ తిప్పి తిప్పి డ్రా చేసుకున్నాడు అవతలి అబ్బాయి. తప్పించుకునే దారేమైనా ఉందా అండీ?

అన్నానగర్: మూడు చెక్‌లిస్తే డ్రా అండీ, రూలే అంత.

పెరంబూరు కోచ్: చెక్‌లు కాదు సార్, లెక్క పొజిషన్‌ది. అదే పొజిషన్ అదే ఆటగాడి వంతులో మూడోసారి రావాలి. మీరిచ్చింది మొదటిదైతే, నలుపు రెండో ఎత్తు Kg8తో రెండోసారి, నాలుగో ఎత్తు Kg8తో మూడోసారి. అప్పుడు తెలుపు ఆర్బిటర్‌ని పిలిచి క్లెయిమ్ చేయాలి. ఎవరూ అడగకపోయినా ఐదోసారికి ఆర్బిటరే ఆట ఆపేస్తారు.

ఇక మీ ప్రశ్న. ఈ పొజిషన్‌లో దారి లేదండీ. e8 చెక్‌కి f8లో అడ్డం పెట్టాలి, h5 చెక్‌కి h6లో. b2 క్వీన్‌కి ఆ రెండు గళ్లూ అందవు, a1 రూక్‌కీ అందవు. g7లో సొంత బంటే కూర్చుంది కాబట్టి రాజు అటూ పోలేడు.

అదే క్వీన్‌ని b6లో పెట్టి చూడండి. Qe8+ Kh7, Qh5+ Qh6! తెలుపు రాజు h2లో ఉన్నాడు కదా, తెల్ల క్వీన్ ఆ నిలువు వరస వదలడానికి లేదు, వదిలితే రాజుకి చెక్. Qxh6+ Kxh6, క్వీన్లు పోయాయి, రూక్ మిగిలింది. Qh5+ బదులు Qe4+ ఇస్తే Qg6 అడ్డం పెట్టాలి. Qh4+ అంటే మళ్లీ Qh6, మళ్లీ అదే కథ.

అడయార్: నిన్న ఆన్‌లైన్‌లో నాకు రెండు క్వీన్లున్నాయి, వాడి రాజుకి కదలడానికి గడే లేదు, డ్రా అంది. ఇదేనా?

పెరంబూరు కోచ్: కాదమ్మా, అది స్టేల్‌మేట్. అక్కడ చెక్కే లేదు కదా.

వేళచ్చేరి నాన్న: అంటే అమ్మాయి క్వీన్‌ని b2కి తేవడమే తప్పంటారా?

పెరంబూరు కోచ్: అంతకుముందు ఎక్కడుందో తెలియకుండా తప్పనలేను. b2 నుంచి f2 బంటు మీద కన్నేసి ఉంటుంది, పాపం. స్కోర్‌షీట్ ఫొటో పెట్టండి, అంతకుముందు నాలుగైదు ఎత్తులు చూద్దాం. గెలిచే ఆటలో బంటు కొట్టేముందు మాత్రం, అవతలి క్వీన్ మొదటి చెక్ ఎక్కడ, రెండోది ఎక్కడ అని చూసి, ఆ గీతల్లో ఒక్కదానికైనా మన క్వీన్ అడ్డం రాగలదా అని చూసుకోమనండి.

అన్నానగర్: ముందే g6 వేసుంటే రాజుకి g7 దొరికేది కదా? h5 గడిని ఆ బంటే కాపు కాసేది.

పెరంబూరు కోచ్: నిజమే, h5 పోతుంది. కానీ Qe8+ Kg7 తర్వాత Qe7+ ఉంది, చెక్‌లు అక్కడితో ఆగవు. నేనింకా బోర్డు మీద పెట్టి చూడలేదు, రాత్రికి చూస్తాను.

వేళచ్చేరి నాన్న: స్కోర్‌షీట్ అమ్మాయి బ్యాగ్‌లో ఉంది సార్. ట్యూషన్ నుంచి రాగానే పెడతాను.