‘దయచేయగల…’ తర్వాత ఏ అక్షరం?

హనుమకొండ అక్క: మా తాత చదువుకునే రోజుల్లో వాళ్ల సార్‌కు రాసిన ఉత్తరం ఒకటి మా ఇంట్లో ఉంది. ‘తమరు దయతలచి యోగ్యతా పత్రము దయచేయగల…’ అక్కడికి కాగితం మడత మీద చిరిగిపోయింది. తాత చదివి వినిపించేవాడు గానీ, చివర ‘గలరు’ అనేవాడో ‘గలరా’ అనేవాడో నాకు యాది లేదు.

ఇప్పుడు ఎందుకు అడుగుతున్నానంటే, మా తమ్ముడు తెలుగు ఎమ్మే చేసి అమెరికాలో భాషాశాస్త్రం చదవడానికి అప్లై చేస్తున్నాడు. సిఫారసు లేఖ కోసం వాళ్ల సార్‌కు తెలుగులోనే ఈమెయిల్ రాశాడు. ఇంకా పంపలేదు. ఇదీ అది:

‘గౌరవనీయులైన సార్‌కు నమస్కారములు. నేను మీ పూర్వ విద్యార్థిని. పై చదువులకు వెళ్లాలనుకుంటున్నాను. మీరు తప్ప నాకు వేరే దిక్కు లేదు. త్వరగా మంచి సిఫారసు లేఖ రాయగలరు.’

ఆ ‘గలరు’ నాకు గుచ్చుకుంటోంది. మీకు ఎట్లా వినిపిస్తోంది?

కరీంనగర్ నుంచి: గలరు అంటే ఆజ్ఞే. బస్టాండ్‌లో ‘ప్రయాణికులు గమనించగలరు’ అంటారు, ఆఫీసులో ‘సహకరించగలరు’ అని బోర్డు పెడతారు. పైవాళ్లు కిందివాళ్లకు చెప్పే మాట. శిష్యుడు గురువుకు రాసేది కాదు.

జనగామ సార్: సగమే ఒప్పుకుంటాను. ‘రాయగలరు’ అని ఆపేస్తే ఆజ్ఞలా ఉంటుంది. ‘రాయగలరని ఆశిస్తున్నాను’ అంటే అదే రూపం కోరికగా మారుతుంది. అసలు ‘కల’ అంటే ఉండటం. ‘రాయన్’కు ద్రుతం ఉంది కాబట్టి క, గ అయింది. రాసే శక్తి మీలో ఉంది అనే అర్థం నుంచే ‘రాయగలరు’ వచ్చింది. మా బమ్మెర పోతన గజేంద్రుడి నోట ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అనిపించాడు కదా. ఆ ‘కల’ ఇదే. చివర ‘ఓ’ చేరగానే నమ్మకం సందేహమైంది. ఒక్క అచ్చు పని చూడండి.

పరకాల తమ్ముడు: లీవ్ లెటర్‌కైతే మేం ‘మంజూరు చేయగలరు’ అనే రాసేవాళ్లం సార్. ఎవరూ ఏమీ అనలేదు.

హనుమకొండ అక్క: లీవ్ లెటర్ కాదు తమ్ముడూ. పిల్లవాడి గురించి సార్ తన మాటల్లో రాసి, నేరుగా ఆ యూనివర్సిటీకి పంపే లేఖ.

ములుగు రోడ్డు మేడమ్: నేను ఏటా ఇలాంటి లేఖలు రాస్తుంటాను. మా వైపు నుంచి చూస్తే రు, రా తేడా వ్యాకరణంతో ఆగదు. ‘రాయగలరా’ అని అడిగితే ‘నీ గురించి నాకు అంత తెలియదమ్మా, ఫలానా సార్‌ను అడుగు’ అనే వీలు నాకుంటుంది. ‘రాయగలరు’ అంటే ఆ తలుపు మూసినట్టే. మొహమాటానికి ఒప్పుకుని, చెప్పడానికి ఏమీ లేక మూడు వాక్యాలు రాస్తాం. ఆ లేఖ లేకపోవడం కంటే నష్టం. అందుకే ‘నా పని గురించి వివరంగా, బలంగా రాయగలరా? వీలుకాకపోతే చెప్పండి, మరొకరిని అడుగుతాను’ అని రాయమనండి. అది అమర్యాద కాదు.

‘వేరే దిక్కు లేదు’ అన్నది మాత్రం తప్పకుండా తీసేయాలి.

జనగామ సార్: మేడమ్, ‘నీవే తప్ప నితఃపరం బెరుగ’ అన్నది గజేంద్రుడే. అది తప్పెట్లా అవుతుంది? ఆ పద్యం నడక చూడండి. ముందు లావు లేదు, ధైర్యం సడలింది, ప్రాణాలు ఠావులు తప్పాయి, మూర్ఛ వచ్చింది, ఒళ్లు అలసింది అని ఒక్కొక్కటి చెప్పాడు. ఆ తర్వాతే అడిగాడు. అడిగినప్పుడూ ‘మన్నింపవా’ అనలేదు, ‘మన్నింపందగున్’ అన్నాడు. మన్నించడం నీకు తగును అని. ‘రు’, ‘రా’ రెండూ కాకుండా ‘తగును’. ఉత్తరానికి ఇంతకంటే మంచి నమూనా ఉందా?

ములుగు రోడ్డు మేడమ్: వరుస మంచిదే సార్. అడిగే ముందు వివరాలు చెప్పాలి. కానీ మొసలి కాలు పట్టుకున్నప్పుడు వద్దనే వీలు ఎవరూ ఇవ్వరు. ఇక్కడ ఇవ్వాలి. అమ్మా, తమ్ముడు సార్ దగ్గర ఏం చేశాడు?

హనుమకొండ అక్క: ఎమ్మే రెండో ఏడు ప్రాజెక్టు. పరకాల వైపు పల్లెల్లో పన్నెండు మంది మాటలు రికార్డు చేశాడు. మన ‘రాదు’ మీద. ‘కూసోరాదుండ్రి’, ‘జర చెప్పరాదు’ అంటాం కదా, అది. మొదట వాళ్లను కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగితే అందరూ పుస్తకాల తెలుగు మాట్లాడారట. సార్ ‘అడగకు, విను’ అని మళ్లీ పంపించారు. రెండోసారి అసలు మాటలు దొరికాయి.

కరీంనగర్ నుంచి: ‘రాదు’ అంటే కూడదు అనే కదా? ‘చెప్పరాదు’ అంటే చెప్పకూడదు.

పరకాల తమ్ముడు: గ్రంథాల్లో అట్లనే. మా ఇంట్ల అమ్మ ‘తినరాదు బిడ్డా’ అంటే తినమని బతిమాలినట్టు. ‘తినొచ్చు కదా’ అని. కాళోజీ చెప్పిన బడిపలుకులకూ పలుకుబడులకూ తేడా ఇదే.

ములుగు రోడ్డు మేడమ్: అక్కా, ఈమెయిల్‌లో ఉండాల్సింది ఆ రెండోసారి వెళ్లిన సంగతే! ‘పూర్వ విద్యార్థిని’ అంటే నాకు ముఖం గుర్తురాదు. ‘అడగకు, విను అన్నారు’ అంటే ఆ రోజంతా గుర్తొస్తుంది, నా లేఖలో మొదటి పేరా అదే అవుతుంది. మార్కులు మార్కుల జాబితాలో ఎట్లాగూ ఉంటాయి. తప్పు దిద్దుకుని మళ్లీ వెళ్లాడన్నది నేను చెప్తేనే వాళ్లకు తెలుస్తుంది.

జనగామ సార్: ‘త్వరగా’ కూడా వద్దు. తేదీ రాయాలి.

కాజీపేట నుంచి: నా అనుభవం చెప్తాను. నేను అప్లై చేసినప్పుడు మా సార్ ఒప్పుకున్నారు, నేను నిశ్చింతగా ఉన్నాను. మనం ఫారంలో సార్ ఈమెయిల్ ఇవ్వగానే యూనివర్సిటీ నుంచి ఒక లింకు నేరుగా ఆయనకు వెళ్తుంది. అది స్పామ్‌లో పడింది. సార్ నేను లేఖ తీసుకోవడానికి వస్తానని చూస్తున్నారు, నేను ఆయన అప్‌లోడ్ చేశారనుకున్నాను. గడువు దాటిపోయింది. లింకు వస్తుందనీ, లేఖ అందులోనే పెట్టాలనీ ముందే రాయమనండి.

హనుమకొండ అక్క: తమ్ముడూ నేనూ కూర్చుని మళ్లీ రాశాం:

‘గౌరవనీయులైన సార్‌కు నమస్కారం. ఎమ్మే రెండో ఏడులో మీ దగ్గర ‘రాదు’ మీద ప్రాజెక్టు చేసినవాణ్ని. మొదటి రికార్డింగులు విని మీరు ‘అడగకు, విను’ అని నన్ను మళ్లీ పరకాల పంపారు. ఆ పని వల్లే భాషాశాస్త్రం చదవాలనిపించింది. అమెరికాలో రెండు యూనివర్సిటీలకు అప్లై చేస్తున్నాను. రెండింటికీ డిసెంబర్ 15 గడువు, అంటే ఇంకా ఐదు వారాలుంది. నా క్షేత్రపని గురించి వివరంగా, బలంగా సిఫారసు లేఖ రాయగలరా? వీలుకాకపోతే మొహమాటం లేకుండా చెప్పండి, మరొకరిని అడుగుతాను. మీరు సరేనంటేనే ఫారంలో మీ ఈమెయిల్ ఇస్తాను. అప్పుడు లేఖ పెట్టడానికి మీకు రెండు లింకులు వస్తాయి, ఒక్కోసారి స్పామ్‌లో పడతాయి. ప్రాజెక్టు ప్రతి, మార్కుల జాబితా, నేను రాసుకున్న ఉద్దేశ పత్రం జతచేశాను.’

జనగామ సార్: బాగుంది. ‘రాయగలరా’ బదులు ‘రాయదగును’ అంటే ఇంకా నిండుగా ఉండేది.

ములుగు రోడ్డు మేడమ్: వద్దు సార్. ‘తగును’ అంటే మళ్లీ తలుపు మూసినట్టే.

మట్టెవాడ పెద్దమ్మ: ఇప్పుడే చూశాను. ‘రు’, ‘రా’ అని అందరూ కొట్లాడుతున్నారు గానీ, మా నాయన అర్జీలు రాసేవాడు. ఆయన చేతిరాతలో ‘దయచేయగలందులకు ప్రార్థించుచున్నాను’ అనే ఉండేది. మీ తాతది కూడా అదే అయి ఉండొచ్చు బిడ్డా. ‘గల’ పక్కన కాగితం మీద సున్నా గుర్తు ఏమన్నా కనబడుతోందా?

హనుమకొండ అక్క: మడత మీద సిరా చుక్క లాంటిది ఒకటుంది పెద్దమ్మా. ఇన్నాళ్లూ మరక అనుకున్నాను. పొద్దున వెలుతురులో చూసి ఫొటో పెడతాను.