“సెలవు తీసుకుంటున్నాను” అంటే క్లయింట్‌కి ఏమని అర్థమవుతుంది?

మాధవి: నేను అకౌంట్ మేనేజర్‌ని. ఉద్యోగం మారుతున్నాను. క్లయింట్లకు ఇలా రాశాను: “ఈ నెల 28న మీ అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాను. ఇకపై మిమ్మల్ని సునీల్ గారికి అప్పగిస్తున్నాను.” చదివిన కొలీగ్ ఏదో తేడాగా ఉందన్నాడు. ఏంటది?

కిరణ్: సెలవంటే లీవ్. “వీడ్కోలు చెబుతున్నాను” అనండి.

రామారావు: లీవ్ ఒక్కటే కాదు కిరణ్ గారూ, అనుమతి అనే అర్థమూ ఉంది. ఉత్తరం చివర “ఇక సెలవు” అంటే ఎవరూ లీవనుకోరు. ఇక్కడ చిక్కు తేదీతో వచ్చింది. ఆఫీసు మెయిల్‌లో “28న సెలవు” అని చూస్తే ఆ ఒక్కరోజే రారనుకుని, 29న మళ్లీ మీకే ఫోన్ చేస్తారు. ఇక “మిమ్మల్ని అప్పగిస్తున్నాను” అంటే దొంగను పోలీసులకు అప్పగించినట్టుంది! అప్పగించేది పనిని, మనుషుల్ని కాదు.

కిరణ్: మరి వీడ్కోలు?

రామారావు: అది సాగనంపేవాళ్లు చెప్పే మాటని నా అభిప్రాయం.

కిరణ్: “ఆటకు వీడ్కోలు పలికాడు” అని పేపర్లలో రాస్తూనే ఉంటారుగా. అక్కడ వెళ్లేది అతనే.

లలిత: నేను క్లయింట్ వైపు మనిషిని. మా పాత మేనేజర్ “కొత్తవారు అన్నీ చూసుకుంటారు” అని చక్కగా రాసి వెళ్లారు. ఆయన నోటిమాటగా ఒప్పుకున్న తగ్గింపు సంగతి కొత్తాయనకు తెలియనే తెలియదు. సెలవో వీడ్కోలో, నాకేం తేడా?

రామారావు: లలిత గారు వేరే సంగతి చెప్పినా, ఆ “అన్నీ” అన్న మాట నిజంగా ప్రమాదమే. మిగిలిన పనుల్ని పేరుపేరునా రాయాలి. నోటిమాటలుంటే ముందు మీ పైవాళ్ల ఒప్పుదల తీసుకుని, ఆ తర్వాతే మెయిల్‌లో పెట్టండి. నేనైతే ఇలా రాస్తాను:

“నమస్కారం. 28వ తేదీ వరకే నేను ఈ కంపెనీలో పనిచేస్తాను. 29 నుంచి మీ పనులు సునీల్ గారు చూస్తారు. ఈ మెయిల్ ఆయనకూ పంపుతున్నాను. రెన్యువల్ కొటేషన్ 25లోపు నేనే పంపుతాను. గత నెల బిల్లులో మీరు చెప్పిన తేడా ఇంకా తేలలేదు. ఆ వివరాలన్నీ సునీల్ గారికి ఇచ్చాను, జవాబు ఆయనిస్తారు. మీకు వీలైన రోజు చెబితే ముగ్గురం ఒకసారి కాల్‌లో మాట్లాడుకుందాం. ఇన్నాళ్లూ నన్ను నమ్మినందుకు కృతజ్ఞతలు.”

ఇది ఆఖరి రోజున పంపితే ఆ కాల్ జరగదు. కనీసం వారం ముందే వెళ్లాలి.

మాధవి: బాగుందండీ. నా సొంత ఫోన్ నంబర్ ఇవ్వొచ్చా? కొందరు అడుగుతున్నారు.

రామారావు: అది భాష ప్రశ్న కాదు! వెళ్లాక పాత క్లయింట్లను కలుపుకోకూడదని మీ ఒప్పందంలో షరతు ఉందేమో చూడండి. ఉంటే ఆ నంబరే చిక్కు తెస్తుంది.

మాధవి: చూస్తాను. చివర్లో “ఇక సెలవు” ఉంచనా?

రామారావు: ఉంచండి. పక్కన తేదీ లేదుగా.

కిరణ్: నేనైతే ఇప్పటికీ తీసేయమంటాను.