సమయానికి చేరడమంటే గేటు దగ్గరికా, సరుకు దించే చోటికా?

గోడౌన్ గుమాస్తా: డ్రైవర్లు ఫోనులో నింపిన ట్రిప్పు షీట్ల ప్రకారం మా వాహనాలు దాదాపు అన్నీ సమయానికే చేరుతున్నాయి. జీపీఎస్ రికార్డు వేరేగా ఉంది. దేన్ని నమ్మాలి? వాహనం ఊరికే నిలిచిన సమయానికి డ్రైవర్ల జీతంలో కోత పెట్టాలని యాజమాన్యం అంటోంది. ఇది న్యాయమేనా?

డీజిల్ లెక్క: జీపీఎస్‌నే నమ్మండి. ‘చేరాను’ బటన్‌ను దారిలోనే నొక్కేసేవాళ్లు ఉన్నారు. ఇంజిన్ ఆన్‌లో ఉండి వేగం సున్నా అయితే అది వృథాయే. కోత పెడితేనే మారతారు.

రూట్ ప్లానర్: బటన్ సంగతి నిజమే, మిగతాది తొందరపాటు. ఒక ట్రిప్పు చూడండి. చేరాల్సిన గడువు 10:30. వాహనం 10:12కు కస్టమర్ ఆవరణ చుట్టూ గీసిన జీపీఎస్ హద్దులోకి వచ్చింది. గేటు రిజిస్టరులో ఎక్కింది 10:41కి. దించడం మొదలైంది 11:35కు, బయటికి వచ్చింది 12:20కి. హద్దును బట్టి సమయానికే, గేటును బట్టి ఆలస్యం. హద్దు రోడ్డు మీదికి పాకి ఉంటే పక్కనుంచి వెళ్లినా ‘చేరినట్టే’ పడుతుంది.

ఇక నిలిచిన సమయం. దించడానికి పట్టిన 45 నిమిషాలు పని. దానికి ముందున్న 83 నిమిషాలు నిరీక్షణ. ఇంజిన్ కట్టేసి కూర్చుంటే, మీరు చెప్పిన లెక్కలో ఆ 83 నిమిషాలు కనిపించనే కనిపించవు. ఇంజిన్ నడిచిన నిమిషాలకు డ్రైవర్‌ను అడగండి. గేటు దగ్గర పడిగాపులు కాసినదానికి కస్టమర్‌ను అడగాలి.

చల్లని బండి: మా వ్యానులో కూలింగ్ కంప్రెసర్ తిరిగేదే ప్రధాన ఇంజిన్‌తో. ఆపితే మందులు పాడవుతాయి. మాకూ కోతేనా?

డీజిల్ లెక్క: మీది వేరు. మినహాయించవచ్చు.

స్టీరింగ్ మనిషి: బటన్ ముందే ఎందుకు నొక్కుతామో ఎవరైనా అడిగారా? సరుకు దించేది నేలమాళిగలో, అక్కడ సిగ్నల్ ఉండదు. పైకి వచ్చాక నొక్కితే ఆలస్యం మా ఖాతాలో పడుతుంది.

రూట్ ప్లానర్: అయితే నొక్కిన సమయం, సర్వర్‌కు అందిన సమయం వేర్వేరు గడుల్లో ఉండాలి. కొన్ని చోట్ల రెండోదే మిగులుతుంది. గుమాస్తా గారూ, ఇంకొకటి చూడండి. ఆలస్యమవుతుందని ఆఫీసు వాళ్లే ఫోను చేసి గడువు జరిపితే, పాత గడువు చెరిగిపోతోందా? అదే జరిగితే సమయానికి చేరిన ట్రిప్పుల శాతం ఎప్పుడూ బాగానే ఉంటుంది. మొదట ఇచ్చిన గడువుతోనే లెక్క కట్టండి.

గోడౌన్ గుమాస్తా: చూశాను, చెరిగిపోతోంది. మరి కస్టమరే గడువు జరపమని అడిగితే?

రూట్ ప్లానర్: అప్పుడు కొత్త గడువే. ఎవరు అడిగారో పక్కన రాయించండి.

స్టీరింగ్ మనిషి: ఆ గడిలో ‘కస్టమర్ అడిగారు’ అని రాసేది కూడా ఆఫీసువాళ్లే కదా!