పది డివైజుల షాపుకు ఏ స్విచ్: మామూలుదా, స్మార్టా, మేనేజ్డా?

బట్టలషాపు, నల్గొండ: గడియారం సెంటర్ దగ్గర మాది బట్టల షాపు. బిల్లింగ్ కంప్యూటర్లు రెండు, ప్రింటర్, స్వైపింగ్ మిషన్, నాలుగు కెమెరాలు, వాటి రికార్డర్, కస్టమర్లకు పెట్టిన వైఫై డబ్బా. పాత స్విచ్ కాలిపోయింది. ఒకాయన మామూలుది చాలంటడు, ఇంకొకాయన మేనేజ్డ్ లేకుంటే కష్టమంటడు. ఏది కొనాలె?

జడ్చర్ల వైరింగ్: ముందు ఒకటి చెప్పు అన్నా. కెమెరాల వైర్లు రికార్డర్ వెనకనే గుచ్చినవా, స్విచ్‌ల పెడ్తవా?

బట్టలషాపు, నల్గొండ: రికార్డర్ వెనకనే. కరెంటు గూడ అండ్లకెంచే పోతది.

సీసీఎన్ఏ తమ్ముడు, పాలమూరు: కస్టమర్ల వైఫై ఉన్నదంటే వీలాన్ కావాలె, అంటే ఒక్క స్విచ్‌నే రెండు వేరే నెట్‌వర్క్‌ల లెక్క విడగొట్టాలె. వీలాన్ అంటే మేనేజ్డే. బిల్లింగ్‌నూ బయటోళ్ల ఫోన్లనూ ఒక్క నెట్‌వర్క్‌ల పెట్టుడు మంచిది గాదు.

మెడికల్ హాల్, మిర్యాలగూడ: మాకూ నెట్ స్లోనే ఉండె. పెద్ద స్విచ్ పెట్టినా ఫరకు రాలే.

జడ్చర్ల వైరింగ్: అన్నా, ఇక్కడ స్లో అని ఎవరూ అనలేదు. స్విచ్ మారిస్తే నెట్ కంపెనోడిచ్చే స్పీడు పెరగదు.

తమ్మీ, వేరు చెయ్యాలన్నది కరెక్టే. గాని మేనేజ్డ్ కంటె తక్కువ సెట్టింగులుండే స్మార్ట్ స్విచ్‌ల గూడ వీలాన్ ఉంటది. అసలు తిప్పలు స్విచ్‌తోని గాదు, రౌటర్‌తోని. కంపెనోళ్లు ఇచ్చే డబ్బాల్ల చానా వాటికి లోపలి వైపు వీలాన్లు తెల్వయి. స్విచ్‌ల రెండు వీలాన్లు చేస్తే రెండోదానికి నెట్టే రాదు. నీ మేనేజ్డ్ స్విచ్ కొన్నా గదే కథ.

ఈ షాపుకు సులువు దారి ఒకటుంది. స్మార్ట్ స్విచ్‌లల్ల చానా వాటిల `Port Isolation` లాంటి సెట్టింగ్ ఉంటది. కెమెరాలు రికార్డర్ మీదనే ఉన్నయి గనక ఎనిమిది పోర్టులది సరిపోతది. రౌటర్ వైరు ఒకటో పోర్టుల, వైఫై డబ్బా ఎనిమిదోదాంట్ల పెట్టు. ఎనిమిది ఒకటితోనే మాట్లాడాలె, మిగిలిన వాటితోని వద్దు అని పెట్టు. కస్టమర్‌కు నెట్ వస్తది, బిల్లింగ్ కంప్యూటర్ కనవడదు. రౌటర్ మార్చే పని లేదు.

ఒక్కటి యాది పెట్టుకో. కంప్యూటర్ గాని రికార్డర్ గాని సీదా రౌటర్ వెనక గుచ్చితే ఈ అడ్డం పని చెయ్యదు, వైర్లన్నీ స్విచ్‌లకే రావాలె. రౌటర్ లాగిన్ పేజీ కస్టమర్ ఫోన్ల ఎట్లైనా తెరుచుకుంటది, అందుకే దాని పాస్‌వర్డ్ మార్చు.

సీసీఎన్ఏ తమ్ముడు, పాలమూరు: సరే, గది నాకు తట్టలే. గాని స్మార్ట్‌ల ఇంకో తిప్పలుంది. కొన్నిట్ల Apply కొడితే చాలదు, Save వేరే కొట్టాలె. మర్చిపోతే కరెంటు పోయొచ్చినంక మళ్ల మామూలు స్విచ్చే. గప్పుడు అడ్డం లేదని ఎవరికి తెలుస్తది?

జడ్చర్ల వైరింగ్: గిది నిజం. నేనే ఒక షాపుల అట్ల ఇడిసిపెట్టి వచ్చిన. అందుకే సెట్ చేసినంక ప్లగ్గు తీసి పెట్టి, మళ్ల చూడాలె. కస్టమర్ వైఫైల ల్యాప్‌టాప్ కలిపి ప్రింటర్ అడ్రస్ కొట్టు:

```
ping 192.168.1.20
```

సెట్టింగ్‌కు ముందు జవాబు రావాలె, తర్వాత రావద్దు. బిల్లింగ్ కంప్యూటర్ అడ్రస్ కొట్టి చూడకు, విండోస్ ఫైర్‌వాల్ తనే ఆపి స్విచ్చే ఆపిందనుకునేటట్టు చేస్తది.

మెడికల్ హాల్, మిర్యాలగూడ: స్లో అన్నది నా సొంత గోస గానియ్యి. ఇంకొకటి చెప్త. దసరాకు షాపు కడిగినప్పుడు మా పిలగాడు ఊడిన వైరు కొస తీస్కపోయి అదే స్విచ్‌ల గుచ్చిండు. రెండు కొసలూ ఒకే డబ్బాల! లైట్లన్నీ ఒక్కసారే దడదడ కొట్టినయి, బిల్లింగ్ ఆగింది. గంటన్నర మందుల చీటీలన్నీ చేత్తోనే రాసినం. ఒక్కొక్క వైరు పీకుకుంట పోతే ఐదోదానికి తేలింది. మాది మామూలుది.

జడ్చర్ల వైరింగ్: `Loop Prevention` ఉన్న స్మార్ట్ అయితే ఆ పోర్టునే మూస్తుండె. వైఫై లేని షాపైనా స్మార్టే తీసుకొమ్మని నేను చెప్పేది ఇందుకే.

సీసీఎన్ఏ తమ్ముడు, పాలమూరు: ఒక్క డబ్బా ఉన్న షాపుకు నేను ఒప్పుకోను. గంటన్నర పోతది, వైరు పీకితే అయిపోతది. మామూలుది కాలితే సాయంత్రానికి ఇంకోటి తెచ్చి గుచ్చొచ్చు, ఎవర్నీ పిలిచే పని లేదు. స్మార్ట్‌కు మీరు జడ్చర్ల నుంచి రావాలె.

జడ్చర్ల వైరింగ్: సెట్టింగ్ ఫైలు పెన్‌డ్రైవ్‌ల పెట్టుకుంటే అదే మోడల్‌ల ఎక్కించుకోవచ్చు. వేరే మోడల్ దొరికితే మాత్రం మళ్ల మొదటి నుంచే, గదైతే నిజమే.

బట్టలషాపు, నల్గొండ: స్మార్టే తెచ్చిన. లాగిన్ పేజీ మాత్రం వస్తలేదు. కాయితం మీద `192.168.0.1` అని ఉంది, మా రౌటర్ `192.168.1.1`.

జడ్చర్ల వైరింగ్: వైరు ఒక్క ల్యాప్‌టాప్‌కే పెట్టి, దాని అడ్రస్ చేత్తోని `192.168.0.50` ఇయ్యి, మాస్క్ `255.255.255.0`. అప్పుడు తెరుచుకుంటది. లోపలికి పోయినంక స్విచ్ అడ్రస్ `192.168.1.2` చెయ్యి, అది వేరేవాళ్లకు పోలేదని చూసుకో. తర్వాత ల్యాప్‌టాప్ అడ్రస్ మళ్ల ఆటోమేటిక్‌కు పెట్టు.

బట్టలషాపు, నల్గొండ: అయింది. ప్లగ్గు తీసి పెట్టి గూడ చూసిన, ping కు జవాబు రాలే. గాని మా మేనేజర్ అదే వైఫైల ఫోన్ కెల్లి ప్రింట్ ఇస్తుండె, ఇప్పుడు ఆయనకు ప్రింటర్ కనవడ్తలేదు.

జడ్చర్ల వైరింగ్: కనవడదు మరి, గదే మనం చేసిన పని. ఆయన ఫోన్‌ను రౌటర్ సొంత వైఫైకి కలుపు.

సీసీఎన్ఏ తమ్ముడు, పాలమూరు: ఆ వైఫై పాస్‌వర్డ్ వారం తిరిగేసరికి సేల్స్ పిలగాండ్లందరి ఫోన్లల్ల ఉంటది, చూస్తుండుండ్రి.