పై పళ్ళకి తెల్ల గీత, రాత్రి పాలసీసా వల్లేనా?

బుజ్జిగాడి అమ్మ: బాబుకి 20 నెలలు. రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకునే నిద్రపోతాడు, మధ్యలో లేచినా మళ్ళీ అదే. పై ముందు పళ్ళు నాలుగింటికీ చిగురు అంచున సున్నం గీసినట్టు తెల్ల గీత వచ్చింది. కింది పళ్ళు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. పాల మరకేనా?

ఖమ్మం శ్రీను: పాలల్లో చక్కెర వేస్తున్నారా? అది మానేయండి చాలు. ఉత్తి పాలకి పళ్ళు పుచ్చవండి.

పిల్లల పళ్ళ డాక్టర్: చక్కెర మానాల్సిందే, కానీ అంతటితో అయిపోదు శ్రీను గారూ. పాలల్లోనూ సహజంగా చక్కెర ఉంటుంది. పగలైతే లాలాజలం కడిగేస్తుంది. నిద్రలో అది బాగా తగ్గిపోయి, పాలు పై పళ్ళ చుట్టూ నిలిచిపోతాయి. కింది పళ్ళని నాలుక కప్పి ఉంచుతుంది, లాలాజలం ఊరేదీ అక్కడే. అందుకే అవి బాగున్నాయి.
అమ్మా, పెదవి పైకెత్తి మెత్తని గుడ్డతో తుడిచి, ఆరాక చూడండి. మరకైతే పోతుంది. పోకుండా మెరుపు లేని తెలుపు ఇంకా తేలితే పుచ్చు మొదలైనట్టు. గుంట పడకముందే వస్తే ఫ్లోరైడ్ పూత పూసి ఆపే వీలుంది.

శాంతి_వైజాగ్: మా పాపకి ఐరన్ చుక్కలు వేశాక పళ్ళు నల్లబడ్డాయి. మేమూ సీసా మానిపించాలా?

పిల్లల పళ్ళ డాక్టర్: అది పైపై మరక కావచ్చు, చూపించి శుభ్రం చేయించండి. చుక్కలు మాత్రం మానొద్దు.

బుజ్జిగాడి అమ్మ: తుడిచినా పోలేదు. ఎల్లుండికి అపాయింట్‌మెంట్ తీసుకున్నా. "పాలపళ్ళేగా, ఊడేవే" అంటున్నారు అత్తయ్య. సీసా లాక్కుంటే ఇల్లు పీకి పందిరేస్తాడు!

పిల్లల పళ్ళ డాక్టర్: ముందు పళ్ళు ఆరేడేళ్ళ దాకా, దవడ పళ్ళు పది పన్నెండేళ్ళ దాకా ఉండాలి, అత్తయ్యగారికి చెప్పండి. ఒక్కసారిగా లాక్కోకండి. 180 మి.లీ. పడితే మూడు రాత్రులు 150 పాలు, 30 నీళ్ళు. తర్వాత మూడు రాత్రులు 120, 60. ఇలా మూడు వారాల్లోపు ఉత్తి నీళ్ళకి వస్తారు. తాగాల్సిన పాలు అన్నం తిన్నాక గ్లాసులో పట్టి, పళ్ళు తోమి పడుకోబెట్టండి. ఏడాది నిండని పిల్లల పాలల్లో మాత్రం ఇలా నీళ్ళు కలపకూడదు.

నల్గొండ నాన్న: పేస్టు ఫ్లోరైడ్‌దా? మా ఊళ్ళో ఆ మాటంటేనే భయం.

పిల్లల పళ్ళ డాక్టర్: బియ్యపు గింజంత రాయండి చాలు, అంతవరకు మింగినా ఫర్వాలేదు. బోరు నీళ్ళు తాగే ఇల్లయితే ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి.

బుజ్జిగాడి అమ్మ: 60 నీళ్ళ దాకా వచ్చాం. రెండు రాత్రులు సీసా విసిరికొట్టాడు, నిన్న తాగాడు. పూత కూడా పూశారు, మూడు నెలలకి మళ్ళీ రమ్మన్నారు.

లావణ్య: సీసా కాదు, రాత్రంతా తల్లిపాలే తాగే వాళ్ళ సంగతేంటండీ? మాకు ఒక్కో డాక్టరూ ఒక్కో మాట చెప్పారు.