అప్‌డేట్: నాన్న హెర్నియా ఆపరేషన్, ముందు ఇచ్చిన టెన్షన్ మందు

నా ప్రశ్న: "ఆపరేషన్ ముందు నాన్నకి టెన్షన్ తగ్గే ఇంజెక్షన్ ఇస్తారట. మత్తుమందుతో కలిస్తే ప్రమాదమా? అదే రోజు ఇంటికి పంపిస్తూ తోడు తప్పనిసరి అంటారేం?"

ఆపరేషన్ అయింది, నాన్న బాగున్నారు. థియేటర్‌లోకి తీసుకెళ్లే ముందు మిడజోలం 1 మిల్లీగ్రాము నరానికి ఇచ్చారు. కాసేపటికే బిగబట్టిన పిడికిలి వదిలేశారు. ఇది మత్తుమందు ప్రొపోఫాల్, నొప్పి తగ్గించే ఫెంటానిల్‌తో కలిస్తే మత్తు పెరుగుతుంది, ఊపిరి కూడా మందగించవచ్చు. అందుకే ప్రొపోఫాల్ తగ్గించి ఇచ్చారు. ఆయన రాత్రిపూట వేసుకునే నిద్రమాత్ర సంగతి కూడా అడిగారు. అలాంటిది దాచకండి, దయచేసి.

రికవరీలో నాన్న చక్కగా మాట్లాడుతూనే ఉన్నారు. కట్టు గురించి నర్సు చెబితే తలూపారు. ఇంటికొచ్చాక "నాకెవరూ చెప్పలేదే" అన్నారు! చూడ్డానికి మెలకువగా ఉన్నా, ఈ మందుల ప్రభావం ఉన్నంతసేపు విన్నది గుర్తుండకపోవచ్చు. 24 గంటలు బండి నడపకూడదు, ముఖ్యమైన కాగితాల మీద సంతకం పెట్టకూడదు అన్నారు. రాత్రి నేను పక్కనే పడుకున్నాను.