రెండు ఆప్షన్ల మధ్య ఇరుక్కుంటే పెట్టాలా, వదిలేయాలా?

శ్రీకాకుళం అభ్యర్థి: రాత్రి నుంచి ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. ఫొటో పెట్టాను, చూడండి. ప్రాజెక్టు, అది ఉన్న నది జతలు ఇచ్చాడు: గొట్టా–వంశధార, తోటపల్లి–నాగావళి, తాటిపూడి–చంపావతి, మడ్డువలస–సువర్ణముఖి. మొదటి రెండూ కచ్చితంగా కావు. మిగిలిన రెండిట్లో తేలలేదు, వదిలేశాను. ప్రతి మాక్ టెస్టులోనూ ఇదే టెన్షన్. పెట్టాలా, వద్దా?

రైల్వే ప్రిపరేషన్: వదిలేయ్. నెగెటివ్ ఉన్నచోట గెస్ కొట్టకూడదు.

రాజాం నుంచి: అసలు సువర్ణముఖి అంటే శ్రీకాళహస్తి దగ్గరిదనుకునేవాళ్లే ఎక్కువ. ఇది వేరే నది, మన నాగావళికి ఉపనది. మడ్డువలస ఉన్న వంగర మండలం కూడా 2022లో విజయనగరం జిల్లాలోకి వచ్చింది. పాత పుస్తకాలు ఇంకా శ్రీకాకుళం అనే రాస్తున్నాయి, అవి మార్చాలి.

విజయనగరం మాస్టారు: తమ్ముడూ, ఏ పరీక్షో చెప్పలేదు. ఫొటోలో పై వరస కూడా పడలేదు. సరైన జత అడిగాడా, సరికానిదా?

శ్రీకాకుళం అభ్యర్థి: సరికానిది మాస్టారూ. గ్రూప్-2 మాక్, తప్పుకి మూడో వంతు పోతుంది.

విజయనగరం మాస్టారు: అయితే జవాబు మూడోది. తాటిపూడి గోస్తనీ మీద ఉంది. నువ్వు పెట్టి ఉండాల్సింది. మూడు తప్పులకి పోయే మార్కు ఒక్క ఒప్పుతో తిరిగొస్తుంది. నాలుగింట ఒకటి కన్నా ఎక్కువ తగిలితే లాభమే. నువ్వు రెండిటిని తెలిసే తీసేశావు కాబట్టి సగం అవకాశం ఉంది.

రైల్వే ప్రిపరేషన్: గెస్ గెస్సే కదండీ.

విజయనగరం మాస్టారు: కాదు బాబూ. గుడ్డిగా పెట్టడం వేరు, తెలిసినవి తీసేసి పెట్టడం వేరు. మా అమ్మాయి మాక్ పేపర్లలో అనుమానం ఉన్నవాటి పక్కన గుర్తు పెట్టించాను. నాలుగు పేపర్లలో 30 వచ్చాయి, 12 ఒప్పు, 18 తప్పు. ఆరు మార్కులు లాభం. కానీ విడదీస్తే వేరే సంగతి బయటపడింది. కారణం చెప్పి రెండు ఆప్షన్లు కొట్టేసినవి 18, వాటిలో 11 ఒప్పు. కారణం చెప్పలేకుండానే రెండు కొట్టేసి, 'ఈ పేరు ఎక్కడో విన్నట్టుంది' అని పెట్టినవి 12, ఒక్కటే ఒప్పు. ఆ పన్నెండిట్లో రెండున్నర మార్కులకి పైనే పోయాయి.

శ్రీకాకుళం అభ్యర్థి: రెండిట్లో ఒకటి పెట్టినా పన్నెండుకి ఒక్కటే ఎలా తగిలింది?

విజయనగరం మాస్టారు: విన్నట్టున్న పేరునే ప్రశ్న తయారుచేసేవాళ్లు ఎరగా పెడతారు. పైగా అసలు జవాబుని అమ్మాయి ముందే కొట్టేసేది. మిగిలిన రెండిట్లో అది లేనేలేదు. అందుకే కొట్టేసినవి ఎందుకు కావో ఒక్క ముక్కలో చెప్పలేకపోతే వదిలేయమన్నాను.

నీట్ అమ్మ: మా బాబుకి ఒప్పుకి నాలుగు, తప్పుకి ఒకటి పోతుందండీ. వాడు చివర్లో అలసిపోయి పెట్టినవన్నీ తప్పుతున్నాయి. వాడికీ ఇదే లెక్కా?

రాజాం నుంచి: తోటపల్లి కూడా ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లానే. అదీ సరిచేసుకోండి.

శ్రీకాకుళం అభ్యర్థి: పాత పేపర్లు తీసి గుర్తులు పెడుతున్నాను మాస్టారూ. థాంక్సండి.